పదకొండో పేరా, పదహారో పేరా

2011 డిసెంబరు చివర్లో ఒక పొద్దున వనపర్తిలోని మా ఆఫీసు గుమ్మంలో పెద్దమందడి రైతు ఒకాయన నిలబడ్డాడు. చేతిలో ఎరువుల సంచిని కత్తిరించి కుట్టుకున్న చిన్న సంచి ఉంది. అందులో నాలుగు మడతలు వేసిన తీర్పు నకలు. నేనప్పుడు జూనియర్‌ని, మా సీనియర్ ఇంకా రాలేదు.

"గెలిసినమా, ఓడినమా సారూ?" అన్నాడు ఆయన. దావా కొట్టేశారని ఆయనకు తెలుసు. కోర్టు హాల్లో చదివింది చెవులారా విన్నాడు. అయినా అలాగే అడిగాడు. ఎందుకో ఆయనే చెప్పాడు. "నోటు దొంగది కాదన్నరంట. చెల్లు గూడ నిజమేనన్నరంట. మరి పైసలెందుకు రావంటున్నరు?"

ఆ ప్రశ్నలోనే రివ్యూ పిటిషన్ మొత్తం ఉంది. అది నాకు అర్థం కావడానికి పది రోజులు, పద్నాలుగు పేజీలు పట్టింది.

సంగతి ఇదీ. ఆయన పల్లికాయ అమ్మిన డబ్బులో నుంచి తెలిసిన మనిషికి 50 వేలు అప్పిచ్చాడు. 2003 జూన్ 10న ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. మూడేళ్లు నిండటానికి ఇంకా రెండు నెలల లోపే ఉందనగా, 2006 ఏప్రిల్ 18న, అప్పు తీసుకున్నాయన 5 వేలు కట్టాడు. నోటు వెనక చెల్లు రాసి సంతకం చేశాడు. ఆ తర్వాత పైసా ఇవ్వలేదు. 2009 మార్చి 4న దావా వేశాం.

ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. నోటు తేదీ నుంచి లెక్కేస్తే 2006 జూన్ 10తో అయిపోతుంది. కానీ ఆ గడువు లోపల అప్పు తీసుకున్న మనిషి కొంత డబ్బు కట్టి, ఆ కట్టిన సంగతి తన రాతలోనో తన సంతకంతోనో కాగితం మీద ఉంచితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది అదే. ఆ లెక్కన మాకు 2009 ఏప్రిల్ 18 దాకా గడువుంది. నెలన్నర ముందే దావా పడింది.

ప్రతివాది నోటు తనది కాదన్నాడు, చెల్లు బలవంతంగా రాయించుకున్నారన్నాడు. క్రాస్ పరీక్షలో మాత్రం చెల్లు కింద ఉన్న సంతకం తనదేనని ఒప్పుకున్నాడు. తీర్పు పదకొండో పేరాలో న్యాయమూర్తి ఆ మాటే రాసి, బలవంతానికి రుజువు లేదు, చెల్లు నిజమైనదే, 5 వేలు ఆ తేదీన కట్టినట్టే అని తేల్చారు. పదహారో పేరాకొచ్చేసరికి గడువు విషయం వచ్చింది. నోటు తేదీ 2003 జూన్ 10, దావా తేదీ 2009 మార్చి 4, మూడేళ్లు దాటింది కాబట్టి దావా నిలవదు అన్నారు. చెల్లు ఊసే ఆ పేరాలో లేదు. ఏ కోర్టు అన్నది ఇక్కడ అనవసరం. రోజుకు పదుల సంఖ్యలో ఫైళ్లు చూసే ఏ బల్ల మీదైనా ఇలాంటిది జరుగుతుంది.

అప్పీలు వేద్దామంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకెన్నేండ్లు సారూ?" ఆయన వయసు అప్పటికే డెబ్బై దాటింది. రివ్యూ వేద్దామన్నాను. తీర్పిచ్చిన కోర్టులోనే, వీలైతే తీర్పిచ్చిన న్యాయమూర్తి ముందే వేసేది రివ్యూ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 114వ సెక్షన్, 47వ ఆర్డరు ఒకటో రూలు. గడువు ముప్పై రోజులే, నకలు కోసం పట్టిన రోజులు మినహాయించుకోవచ్చు. అందుకని నేను తొందరపడ్డాను.

తొందరలో రాసిన ఆ పద్నాలుగు పేజీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మొదటి గ్రౌండు, రెండో సాక్షిని న్యాయమూర్తి నమ్మకపోవడం తప్పు. రెండోది, ప్రతివాది అబద్ధాలకోరని సాక్ష్యంలోనే తేలినా పట్టించుకోలేదు. నాలుగోది, వడ్డీ విషయంలో మా వాదన పూర్తిగా వినలేదు. తొమ్మిది కేసులు ఉదహరించాను. గడువు సంగతి ఎనిమిదో గ్రౌండుగా పదకొండో పేజీలో వచ్చింది. అది కూడా "కోర్టు సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు" అన్న వాక్యంతో మొదలైంది.

సీనియర్ గారు ఆ సాయంత్రం కూర్చుని చదివారు. పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి పదో పేజీ దాకా అడ్డంగా గీతలు గీశారు. ఒక్కచోట కూడా ఆగలేదు.

"ఇదంతా అప్పీలు తమ్మీ. పేరు ఒక్కటే రివ్యూ అని పెట్టినవ్."

తర్వాత లేచి, బీరువాలో నుంచి 1964 నాటి ఏ.ఐ.ఆర్. సుప్రీంకోర్టు సంపుటం తీశారు. అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంది. 1372వ పేజీ తెరిచి నా ముందు పెట్టారు. తుంగభద్ర ఇండస్ట్రీస్ లిమిటెడ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. "మన పల్లికాయ కేసే. చదువు" అన్నారు.

పెద్దమందడి నుంచి హైవే ఎక్కి, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఇంకాస్త పోయి తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడి కంపెనీ అది. వేరుశనగ కొని నూనె తీసేది. ఆ నూనెలో కొంత శుద్ధి చేసి అమ్మేది, ఇంకొంత వనస్పతి చేసేది. నికెల్ సమక్షంలో నూనెలోకి హైడ్రోజన్ వాయువును ఎక్కిస్తారు. కారే నూనె పేరుకుంటుంది, నెయ్యిలా గడ్డకడుతుంది.

అప్పట్లో అక్కడ మద్రాసు సేల్స్ టాక్స్ చట్టం, 1939, దాని రూల్సు నడిచేవి. వేరుశనగ కొన్నప్పుడే పన్ను పడేది. దాన్ని నూనె ఆడించి అమ్మితే మళ్లీ నూనె మీద పన్ను. ఒకే గింజ మీద రెండుసార్లు మోత పడకుండా ఒక వెసులుబాటు ఇచ్చారు. రిజిస్టరైన వేరుశనగ నూనె తయారీదారు, తాను కొని నూనెగా మార్చిన వేరుశనగ విలువను నూనె అమ్మకాల లెక్కలో నుంచి తీసేసుకోవచ్చు. కంపెనీ వనస్పతి అమ్మకాలకు కూడా అదే మినహాయింపు అడిగింది. పన్ను అధికారులు కాదన్నారు. వనస్పతి వేరుశనగ నూనె కాదు, వేరే సరుకు అన్నారు. హైకోర్టు కూడా 1955లో ఆ మాటే ఖాయం చేసింది.

హైడ్రోజన్ ఎక్కించిన వేరుశనగ నూనె వేరుశనగ నూనేనా? ప్రశ్న అదొక్కటే. ఇందులో సాక్షులు లేరు, ఎవరు అబద్ధం చెప్పారన్న పేచీ లేదు. సరుకు ఎలా తయారవుతుందో ఇరువైపులా ఒప్పుకున్నదే. రూల్లోని మాటకు అర్థమేమిటన్నదే తగాదా.

సుప్రీంకోర్టుకు పోవాలంటే అప్పుడు మామూలుగా హైకోర్టు నుంచి సర్టిఫికెట్ కావాలి. చెప్పుకోదగ్గ న్యాయప్రశ్న ఉందని హైకోర్టే ఒప్పుకోవాలి. 1956లో హైకోర్టు ఆ సర్టిఫికెట్ ఇచ్చింది. అప్పటికి ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఉంది, రాజధాని కర్నూలు. ఆ ఏడాది నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, హైకోర్టు హైదరాబాదుకొచ్చింది.

పన్ను మదింపు ఏటేటా జరిగేది కదా. తర్వాతి మదింపు మీద అదే కంపెనీ, అదే వనస్పతి, అదే రూలుతో మళ్లీ హైకోర్టు మెట్లెక్కింది. ఓడింది. మళ్లీ సర్టిఫికెట్ అడిగింది. 1959 సెప్టెంబరులో హైకోర్టు కాదంది. ఇందులో చెప్పుకోదగ్గ న్యాయప్రశ్నే లేదంది.

ఇక్కడ సీనియర్ గారు సంపుటం మీద చెయ్యి పెట్టి నన్నాపారు. "నువ్వు ఆ కంపెనీ వకీలువి. టేబుల్ మీద రెండు కాగితాలున్నయ్. ఇది 1956ది, ఇది 1959ది. ఏం రాస్తవ్?"

వనస్పతి నూనే అని నిరూపిస్తానన్నాను. రసాయన శాస్త్రం పుస్తకాలు, వాడకం, బజారులో పేరు...

"అంటే నూనె సంగతి మళ్లీ వాదిస్తవన్నమాట. అది వాదించాల్సింది సుప్రీంకోర్టుల. ఈ రివ్యూల నూనెతో పనే లేదు."

ఆ కేసు మెలిక నాకు అప్పుడు పట్టుబడింది. 1959 నాటి ఉత్తర్వు చెప్పింది వనస్పతి నూనె కాదని కాదు. ఇందులో ప్రశ్నే లేదని. ఆ మాట తప్పని చూపడానికి నూనె గురించి ఒక్క ముక్క వాదించక్కర్లేదు. మూడేళ్ల కిందట అదే కోర్టు అదే ప్రశ్నను పెద్ద ప్రశ్న అని ఒప్పుకుని సర్టిఫికెట్ ఇచ్చింది. మధ్యలో సుప్రీంకోర్టు దాన్ని తేల్చి మూసేసిందీ లేదు. మరి 1959కల్లా ఆ ప్రశ్న ఎటు పోయింది? కంపెనీ దాని మీద రివ్యూ వేసింది. హైకోర్టు ఆ రివ్యూను కొట్టేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1963 అక్టోబరులో తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆయన కంపెనీ వైపు మొగ్గక ముందు పెట్టిన రెండు జాగ్రత్తలు. వెనక ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చారు కనుక ఇప్పుడూ ఇవ్వాల్సిందే అనుకోకూడదు, ఆ పాత ఉత్తర్వే తప్పై ఉండొచ్చు. ఒకవేళ 1959 నాటి మాట తప్పే అయినా, అంతమాత్రాన అది రికార్డు ముఖం మీదే కనిపించే తప్పు అయిపోదు. ఉత్త తప్పు తీర్పు వేరు, కంటికి కొట్టొచ్చినట్టున్న తప్పు వేరు. ఆ గీత ప్రతిసారీ మాటల్లో విడమర్చలేకపోయినా, ఉందన్నది నిజం. రివ్యూ అంటే వేషం మార్చుకొచ్చిన అప్పీలు కాదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి, ఆ తర్వాత గీత ఎక్కడ పడుతుందో చెప్పారు. పెద్ద వాదనేదీ లేకుండా, ఇదిగో ఇక్కడ అని తప్పును చూపించగలగాలి. అందులో ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉండే వీలు ఉండకూడదు. కర్నూలు కేసులో వాస్తవాల మీద తగువు లేదు, ఉన్నది చట్టం మాట ఒక్కటే, అది పెద్ద ప్రశ్న అన్నది ఎదురుగా కనిపిస్తూనే ఉంది. కాబట్టి ప్రశ్నే లేదనడం ముఖాన కనిపించే తప్పే అన్నారు. రివ్యూను కొట్టేసిన ఉత్తర్వు నిలవలేదు.

నూనె సంగతి కూడా చెప్పాలి. 1956 సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిన మొదటి కేసులో సుప్రీంకోర్టు 1960 అక్టోబరులోనే కంపెనీ వైపు తీర్పిచ్చింది. వేరుశనగ నుంచి రావాలి, నూనె అయి ఉండాలి, ఈ రెండూ ఉంటే అది వేరుశనగ నూనే, గడ్డకట్టినంత మాత్రాన కాకుండా పోదు అంది. అయినా 1963లో ఆ గెలుపు చూపించి, చూశారా 1959లో మీరు తప్పు చేశారు అనలేదు. అలా అనడం రివ్యూకు పునాది కాదు. 1976 సవరణలో ఈ సంగతి చట్టంలోనే రాసేశారు. తీర్పు ఏ న్యాయసూత్రం మీద నిలబడిందో దాన్ని పై కోర్టు తర్వాత మరో కేసులో మార్చినా, ఆ మార్పు రివ్యూకు కారణం కాదు. తప్పు తీర్పిచ్చిన నాడే తీర్పులో ఉండాలి.

ఆ కేసే ఇంకో చిక్కు కూడా విప్పింది. రివ్యూ వేసే రోజుకు అప్పీలు వేసి ఉండకూడదు. వేశాక తర్వాత అప్పీలు దారి పడితే రివ్యూ అక్కడితో చచ్చిపోదు, కాకపోతే ఆలోపు అప్పీలులో తీర్పు వచ్చేస్తే ఇక రివ్యూ చేయడానికి ఏమీ మిగలదు. మా పెద్దాయన కొడుకు ఆ వారంలోనే హైదరాబాదులో ఎవర్నో పట్టుకుని అప్పీలు వేయిస్తానంటే, వద్దని ఆపగలిగింది ఈ పేజీ చదివిన ధైర్యంతోనే.

రాత్రి తొమ్మిదైంది. సీనియర్ గారు తీర్పు నకలు నా చేతికిచ్చి, "సాక్ష్యం కట్ట బీరువాల పెట్టు. మళ్లీ తియ్యకు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "తప్పు చూపెట్టనికి తీర్పు ఒక్కటే చాలాల. నోటు కావాల్నన్నా, సాక్షి ఏమన్నడో చదవాల్నన్నా, అది ముఖం మీది తప్పు గాదు."

అలా కూర్చుని చదివితే తీర్పు కొత్తగా కనిపించింది. వాదుల్ని, సాక్షుల్ని మర్చిపోయి, న్యాయమూర్తి స్వయంగా ఏమేం తేల్చారో మాత్రమే కింద గీతలు గీశాను. పదకొండో పేరాలో చెల్లు నిజం. పదహారో పేరాలో ఆ చెల్లు లేనట్టు లెక్క. రెండింటి మధ్య నిలబడి ఉన్నది 19వ సెక్షన్ ఒక్కటే, దానికి రెండో అర్థం లేదు.

చెల్లు నిజం కాదని న్యాయమూర్తి పదకొండో పేరాలో అని ఉంటే, ఆ మాట ఎంత తప్పైనా, మేం అప్పీలుకే పోవాలి. సాక్ష్యం మళ్లీ తూచాలి కదా. సంతకం ఒప్పుకున్నాడా లేదా అన్నది తీర్పులో తేలకుండా వదిలేసి ఉన్నా అంతే. అదే, నోటు తేదీ 2003 బదులు 2002 అని టైపు పడి ఉంటే రివ్యూ కూడా అక్కర్లేదు, 152వ సెక్షన్ కింద ఒక చిన్న దరఖాస్తుతో దిద్దించుకోవచ్చు. మా కేసు ఈ రెండింటి మధ్య సందులో పడింది. సందు చాలా ఇరుకు.

మూడు వాక్యాలు రాయడానికి అర్ధరాత్రయింది. పిటిషన్‌లో ఇంగ్లిషులో పడిన ఆ గ్రౌండు తెలుగులో ఇలా ఉంటుంది:

"గౌరవనీయ న్యాయస్థానం తీర్పు పదకొండో పేరాలో, ప్రతివాది 18-4-2006న రూ. 5,000 చెల్లించి, ఆ చెల్లు కింద సంతకం చేశాడని తేల్చింది. ఆ తేదీ నోటు గడువు లోపలిదే కనుక, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు ఆ రోజు నుంచి కొత్తగా మొదలై 18-4-2009 దాకా ఉంటుంది. పదహారో పేరాలో మాత్రం 10-6-2003 నుంచే లెక్కించి, 4-3-2009న వేసిన దావాకు కాలదోషం పట్టిందనడం, న్యాయస్థానం తానే తేల్చిన విషయానికి విరుద్ధంగా తీర్పు ముఖం మీదే కనిపిస్తున్న పొరపాటు."

కేసుల ఉదాహరణలు తొమ్మిదీ పోయాయి, వాటి బదులు కర్నూలుది ఒక్కటి వచ్చి చేరింది. "న్యాయమూర్తి పట్టించుకోలేదు" అన్న మాట ఎక్కడా లేకుండా చూశాం. రివ్యూ చదివేది ఆ న్యాయమూర్తే. ఆయన తేల్చినదాన్నే ఆధారంగా చూపిస్తున్నప్పుడు, ఆయన మీద ఫిర్యాదు రాసుకోవడం సొంత కొమ్మను నరుక్కోవడమే. కోర్టుకు ఏం కావాలో కూడా తేటగా రాశాం. పదహారో పేరాలోని నిర్ణయాన్ని పునఃపరిశీలించి, దావా గడువు లోపలిదేనని నిర్ణయించి, పదకొండో పేరా ప్రకారం డిక్రీ ఇవ్వాలి. అంతే. వడ్డీ ఊసు ఎత్తలేదు. అది అప్పీలు సరుకు. దాన్ని కలిపితే నిజమైన తప్పు కూడా వాదనలా కనిపిస్తుంది. అఫిడవిట్ ఒకటి, తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ నకళ్లు జత చేశాం. అన్నీ కలిపి పిటిషన్ రెండు పేజీల మీద కొద్దిగా. ఇరవై ఆరో రోజున ఫైలు చేశాం.

విచారణ రోజున న్యాయమూర్తి మొదటే అడిగారు, "ఇది అప్పీల్లో చెప్పుకోవాల్సింది కదా?" సీనియర్ గారు వాదించలేదు. "అయ్యా, పదకొండో పేరా చివరి రెండు లైన్లు, తర్వాత పదహారో పేరా. రెండూ ఒకసారి చదవమని కోరడమే" అన్నారు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. వెనక్కి తిప్పారు, మళ్లీ ముందుకు తిప్పారు.

అవతలి వకీలు లేచి, చెల్లు రాత ప్రతివాది చేతిది కాదన్నాడు, కాబట్టి 19వ సెక్షన్ వర్తించదన్నాడు. కేసు మొత్తంలో నాకు భయం వేసింది ఆ ఒక్క నిమిషమే. రాత ఎవరిదో వెతకాలంటే సాక్ష్యం తెరవాలి, తెరిస్తే ముఖం మీది తప్పు అన్న మాట పోతుంది. న్యాయమూర్తి తల ఎత్తకుండానే, "రాత ఎవరిదైనా సంతకం అతనిదేనని నేనే రాశాను. సెక్షన్‌కు అది చాలు" అన్నారు. ఆ వకీలు కూర్చున్నాడు.

పదిహేను రోజుల తర్వాత రివ్యూ అనుమతించారు. ఉత్తర్వులో తన పొరపాటును న్యాయమూర్తి ఎక్కడా చుట్టి చెప్పలేదు, గడువు లెక్కలో చెల్లు తేదీ విడిచిపోయిందని ఒక్క వాక్యంలో రాసి, దావాను డిక్రీ చేశారు. రివ్యూ కొట్టేస్తే ఆ ఉత్తర్వు మీద మాకు అప్పీలు ఉండేది కాదు. అనుమతిస్తే అవతలివాళ్లకు ఉంటుంది. వాళ్లు వేస్తారేమోనని రెండు నెలలు ఎదురుచూశాం. వేయలేదు.

డబ్బు ఆ ఏడాది పంట చేతికొచ్చాక రెండు విడతల్లో ఇచ్చారు. రెండో విడత మా ఆఫీసులోనే ముట్టింది. పెద్దాయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఎరువుల సంచిలో పెట్టుకుని, కుర్చీలో నుంచి లేవలేదు. అవతలి మనిషి వైపు, నా వైపు చూశాడు.

"నోటు కోర్టుల ఉండె గద సారూ. మరి ఈ చెల్లు యాడ రాస్తం?"

డిక్రీ సొమ్ము పూర్తిగా ముట్టిందని కోర్టులో మెమో వేస్తామని, అదే చెల్లు అని చెప్పాను. ఆ మెమో ముసాయిదా అక్కడే రాసి, తేదీ వేసి, ఇద్దరితో సంతకాలు పెట్టించే దాకా ఆయన కదలలేదు.